మూడు నెలలుగా అలాట్‌మెంట్ రాకపోతే: షిప్పింగ్ కంపెనీకి సీమ్యాన్ భార్య రాసే ఉత్తరం

బరంపురం, గోపాలపూర్, ఛత్రపురం వైపూ, అవతల ఇచ్ఛాపురం, కవిటి వైపూ షిప్‌లో పనిచేసేవాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి. ఈ ఇళ్లలో నెల లెక్క ఒకటో తారీఖుతో మొదలు కాదు, ఓడలోని మనిషి జీతంలోంచి ఇంటికి వచ్చే అలాట్‌మెంట్ పడిన రోజుతో మొదలవుతుంది. అది ఒక నెల ఆలస్యమైతే కిరాణా కొట్టువాడికి సర్దిచెప్పుకుంటారు. మూడు నెలలు రాకపోతే కంపెనీని అడగాల్సిందే. అయితే ఎలా అడుగుతారన్న దాన్నిబట్టే జవాబు వస్తుంది. "మా డబ్బులు ఎందుకు ఆపేశారు, పిల్లల ఫీజులు కట్టలేకపోతున్నాం" అని రాస్తే "మీ విషయం సంబంధిత విభాగానికి పంపించాం" అన్న రెండు లైన్ల మెయిల్ వస్తుంది, అంతే. అలా తప్పించుకోవడానికి వీల్లేని ఉత్తరం ఎలా రాయాలో ఇక్కడ చెబుతాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి: జీతం ఆగిందా, అలాట్‌మెంట్ ఆగిందా

ఈ రెండూ ఒకటి కాదు. అలాట్‌మెంట్ అంటే మీ ఆయన తన జీతంలోంచి ప్రతి నెలా ఇంత మొత్తం ఫలానా అకౌంటుకు పంపమని కంపెనీకి రాసిచ్చిన ఆదేశం. మిగిలిన జీతం ఓడలో ఆయన లెక్కలో జమ అవుతుంది. కాబట్టి అలాట్‌మెంట్ ఆగినా జీతం ఆగకపోవచ్చు, డబ్బు ఆయన పేరు మీద ఓడ లెక్కలోనే పేరుకుంటూ ఉండొచ్చు. అలాగే కంపెనీ జీతమే ఇవ్వడం మానేసి ఉండొచ్చు కూడా. మొదటిదైతే కాగితాల పొరపాటు, పది రోజుల్లో సర్దుకుంటుంది. రెండోదైతే విషయం పెద్దది, దానికి వేరే దారి ఉంది.

ఈ తేడా చూపించే కాగితం నెలనెలా కెప్టెన్ ఇచ్చే పే స్లిప్. సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం ఎంఎల్‌సీ 2006 ప్రకారం జీతం నెలకు మించి ఆలస్యం చేయకూడదు, నెలవారీ లెక్క కాగితం ఇవ్వాలి, ఇంటికి పంపమన్న డబ్బును సకాలంలో నేరుగా ఆ మనిషికే చేర్చాలి. భారత్ ఈ ఒప్పందాన్ని 2015లో ఆమోదించింది. కాబట్టి స్లిప్ అడగడానికి మీ ఆయన మొహమాటపడక్కర్లేదు. చివరిసారి డబ్బు వచ్చిన నెల నుంచి ఇప్పటివరకు ఉన్న స్లిప్పులన్నీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. ఓడ నడిసముద్రంలో ఉంటే నెట్ సరిగా ఉండదు, తర్వాతి పోర్టు దాకా ఆగాల్సి రావచ్చు.

స్లిప్‌లో రెండు చోట్ల చూస్తే చాలు. కోతల వైపు అలాట్‌మెంట్ అనే గడి, కింద వచ్చే నెలకు తీసుకెళ్లే నిల్వ.

అలాట్‌మెంట్ గడిలో మొత్తం కోసి ఉండి, మీ బ్యాంకులో మాత్రం పడకపోతే డబ్బు ఆయన లెక్క దాటిపోయిందన్నమాట. అది ఎక్కడుందో చూపించాల్సింది కంపెనీ. గడి ఖాళీగా ఉండి నిల్వ నెలనెలా పెరుగుతుంటే డబ్బు భద్రంగానే ఉంది, పంపమన్న ఆదేశమే తెగింది. అసలు స్లిప్పులే ఇవ్వకపోతేనో, నిల్వ కాగితం మీద మాత్రమే ఉండి ఓడలో ఎవరికీ డబ్బు చేతికి రాకపోతేనో జీతమే ఆగిందని అనుమానించాలి. తోటి సిబ్బంది ఇళ్లకు డబ్బు వస్తోందో లేదో మీ ఆయన్ని అడగండి. ఒక్క మీ ఇంటికే రావడం లేదా, ఓడలో అందరిదీ అదే పరిస్థితా అన్నది ఈ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది.

బ్యాంకులో ఒక పూట

ఉత్తరం రాసే ముందు తప్పు మన అకౌంటులో లేదని నిర్ధారించుకోవాలి. ఎందుకంటే కంపెనీ మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ "మీ బ్యాంకు వివరాలు చూసుకోండి" అనే ఉంటుంది.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో దీనికి ప్రత్యేకమైన కారణాలు రెండు ఉన్నాయి. ఒకటి, బ్యాంకుల విలీనం. 2025 మేలో ఒడిశాలోని గ్రామీణ బ్యాంకులు రెండూ కలిసి ఒడిశా గ్రామీణ్ బ్యాంక్ అయ్యాయి. ఆంధ్రాలోనూ గ్రామీణ బ్యాంకులు అప్పుడే ఒకటయ్యాయి. 2020లో ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత పాస్‌బుక్ చూసి ఇచ్చిన ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇప్పుడు పనిచేస్తోందో లేదో కౌంటర్‌లో అడగాలి. రెండు, పేరు. పుట్టింట్లో ఆంధ్రా కాగితాల మీద ఉన్న పేరూ, ఒడిశాలో తీసిన ఆధార్ మీద ఉన్న పేరూ ఇంగ్లిష్ అక్షరాల్లో చాలామందికి కలవవు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది, ఇంకోచోట పూర్తిగా చివర్లో ఉంటుంది. విదేశాల నుంచి వచ్చే డబ్బు విషయంలో ఈ తేడా చాలు, బ్యాంకు దాన్ని వెనక్కి పంపేయడానికి.

కాబట్టి కేవైసీ పెండింగ్ ఉందా, అకౌంటు ఆపేశారా, విదేశీ జమ ఏదైనా వచ్చి ఆగిందా లేక వెనక్కి వెళ్లిందా అని మేనేజర్‌ని అడగండి. చిన్న బ్రాంచిలో ఈ చివరి ప్రశ్నకు "మాకు తెలీదు" అంటారు. విదేశీ లావాదేవీలు చూసే బ్రాంచికి అడిగి చెప్పమనండి. చివరగా, మొదటి అలాట్‌మెంట్ పడిన నెల నుంచి నేటి వరకు స్టేట్‌మెంట్ బ్యాంకు ముద్రతో తీసుకోండి. అన్ని జోడింపుల్లోకీ బలమైనది ఇదే. వచ్చిన నెలలు, పంపినవాళ్ల పేరు, ఆగిపోయిన తేదీ అన్నీ అందులోనే కనిపిస్తాయి.

మీ ఆయన అనుమతి

ఉద్యోగ ఒప్పందం ఆయనకూ కంపెనీకీ మధ్య. "సిబ్బంది జీతం వివరాలు బయటివారికి చెప్పం" అని వాళ్లు అనగలరు, అది తప్పు కూడా కాదు. అందుకని ఆయన తన మెయిల్ నుంచి కంపెనీకి రెండు వాక్యాలు పంపితే మంచిది: నా అలాట్‌మెంట్ విషయంలో నా భార్య ఫలానా వారు మీకు రాస్తారు, ఆమెకు వివరాలు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. మెయిల్ కుదరకపోతే చేత్తో రాసి సంతకం పెట్టిన కాగితం ఫోటో పంపినా సరే.

చాలామంది మగవాళ్లు ఇక్కడే వెనకాడతారు. "నువ్వు కంపెనీకి రాస్తే మళ్లీ నన్ను పిలవరు, బ్లాక్‌లిస్ట్‌లో పెడతారు" అంటారు. ఆ భయం ఉత్తుత్తిది కాదు. కానీ ఉద్యోగం దొరకకుండా చేసే జాబితాలను ఎంఎల్‌సీ నిషేధించింది. ఫిర్యాదు చేసిన సిబ్బందిని వేధించడాన్నీ నిషేధించింది. దానికి తోడు మనం రాసేది ఫిర్యాదు కాదు, లెక్క అడిగే ఉత్తరం. మొదటి ఉత్తరంలో లాయరు, పోలీసు, మీడియా అన్న మాటలు రాకూడదని నేననేది అందుకే.

ఇంకో సంగతి, చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. కొన్నిసార్లు ఆపమన్నది మీ ఆయనే అయి ఉండొచ్చు. అప్పు తీర్చడానికో, డబ్బంతా విదేశీ సంపాదన వేసుకునే తన ఎన్‌ఆర్‌ఈ అకౌంటుకు మళ్లించడానికో ఫారం మార్చి ఉండొచ్చు. అది ఆయన జీతం, ఆయన ఆదేశం. రాతపూర్వకంగా ఆపమంటే కంపెనీ ఆపాలి. అలాంటప్పుడు ఈ ఉత్తరంతో పని జరగదు. అది ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయం, తప్పకపోతే కుటుంబ కోర్టులో మనోవర్తికి వెళ్లాల్సిన విషయం.

ఎవరికి రాయాలి

మనకు తెలిసిన మనిషి సాధారణంగా ఏజెంటు ఒక్కడే. కానీ ఉద్యోగ ఒప్పందం కాగితాల్లో ఇద్దరు ముగ్గురి పేర్లు ఉంటాయి: ఓడ యజమాని, ఓడను నడిపే మేనేజ్‌మెంట్ కంపెనీ, ఇక్కడ మనుషులను ఎక్కించే సంస్థ. ఈ మూడోదానికి కేంద్ర ప్రభుత్వ షిప్పింగ్ డైరెక్టరేట్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉండాలి. ఆ నంబరు ఒప్పందంలోనో వాళ్ల లెటర్‌హెడ్ మీదో ఉంటుంది, డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఉత్తరం మేనేజ్‌మెంట్ కంపెనీ క్రూ విభాగం పేరు మీద రాసి, నకలు వాళ్ల అకౌంట్స్‌కూ ఆర్‌పీఎస్‌ఎల్ సంస్థకూ పెట్టండి. తమ ద్వారా ఎక్కినవారి ఫిర్యాదు వస్తే పరిశీలించి జవాబివ్వడం ఆ సంస్థ బాధ్యత. "మేం ఎక్కించడం వరకే" అనడం కుదరదు.

లైసెన్సే లేని ఏజెంటు లక్షలు తీసుకుని ఎక్కించి ఉంటే మాత్రం మర్యాద ఉత్తరాలతో కాలం గడపొద్దు. డైరెక్టరేట్‌కూ పోలీసులకూ వెంటనే చెప్పాలి.

మెయిల్ ఇంగ్లిష్‌లోనే వెళ్లాలి, అక్కడ చదివేవాళ్లు ఏ దేశంవాళ్లో తెలీదు. ముందు తెలుగులో విషయం తేటగా రాసుకుని, తర్వాత తెలిసినవారితో మార్పించుకోండి. పిటిషన్ రాసేవాళ్లకు అప్పగిస్తే "అత్యంత వినయంతో మనవి చేసుకొనునది" అంటూ ఒక పేజీ వాళ్లే నింపేస్తారు, అసలు ప్రశ్న రెండో పేజీలో పడుతుంది.

ఒక ఉదాహరణ

బరంపురంలో ఉండే ఒకామె విషయం ఇలా ఉందనుకుందాం. భర్త ఏబీగా, అంటే డెక్ మీద పనిచేసే నావికుడిగా, ఫిబ్రవరి 1న ఓడ ఎక్కాడు. కాంట్రాక్ట్ ఆరు నెలలు, అలాట్‌మెంట్ నెలకు 700 డాలర్లు. ఒక నెల డబ్బు తర్వాతి నెల 10వ తేదీ ప్రాంతంలో పడుతుంది. ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఆరు నెలలదీ సరిగ్గా వచ్చింది, చివరిది ఆగస్టు 10న పడింది. అతని స్థానంలోకి రావాల్సిన రిలీవర్ దొరక్క కాంట్రాక్ట్ పొడిగించారు. ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్ నెలల డబ్బు రాలేదు. నవంబర్ 14న ఆమె రాస్తోంది.

స్లిప్పులు చూస్తే ఆగస్టులో అలాట్‌మెంట్ గడి ఖాళీ. సెప్టెంబర్, అక్టోబర్‌లలో మాత్రం 700 చొప్పున కోశారు. అంటే మూడు నెలలకు ఒకే కారణం లేదు. పాత ఫారం కాంట్రాక్ట్‌తో పాటే జూలైతో ముగిసింది, ఆగస్టు డబ్బు ఓడ లెక్కలోనే ఉండిపోయింది. సెప్టెంబర్ మొదట్లో భర్త కొత్త ఫారం ఇచ్చాడు, అందులో బ్యాంకు విలీనం తర్వాతి కొత్త ఐఎఫ్‌ఎస్‌సీ రాశాడు. ఆ తర్వాత రెండు నెలలూ డబ్బు కోసినా చేరలేదు. "మూడు నెలల డబ్బు ఏమైంది" అని గుత్తగా అడిగితే కంపెనీ ఆగస్టు కారణం ఒక్కటి చెప్పి ఊరుకోవచ్చు. అందుకే ఏ నెలకు ఆ నెల అడగాలి.

మెయిల్ సబ్జెక్ట్ లైన్‌లోనే ఓడ పేరు, ఓడను గుర్తించే ఏడంకెల ఐఎంఓ నంబరు, భర్త పేరు, ర్యాంక్, నావికుడిగా ఆయనకిచ్చిన ఇండోస్ నంబరు, రాని నెలలు పెట్టాలి. వందల మెయిళ్లలో మీది వెతికి పట్టుకోవడానికి వాళ్లకు దొరికే ఆధారం అదే. ఇక ఉత్తరం:

> క్రూ మేనేజర్ గారికి,
>
> మీ నిర్వహణలోని (ఓడ పేరు, ఐఎంఓ నంబరు) ఓడలో ఏబీగా పనిచేస్తున్న (పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు భర్త పేరు, ఇండోస్ నంబరు, సీడీసీ నంబరు) గారి భార్యను. ఆయన అలాట్‌మెంట్ ఫారంలో డబ్బు అందుకోవాల్సిన వ్యక్తిగా నా పేరు ఉంది. నాకు వివరాలు ఇవ్వడానికి ఆయన ఇచ్చిన అనుమతి జతచేశాను.
>
> ఫిబ్రవరి నుంచి జూలై వరకు నెలకు 700 డాలర్ల చొప్పున అలాట్‌మెంట్ నా అకౌంటుకు సక్రమంగా చేరింది. చివరిది ఆగస్టు 10న జమైంది. ఆ తర్వాత మూడు నెలల మొత్తం 2,100 డాలర్లు నాకు అందలేదు.
>
> ఆగస్టు: పే స్లిప్‌లో అలాట్‌మెంట్ కోత లేదు. ఈ 700 డాలర్లు ఓడలో ఆయన నిల్వలో ఉన్నాయా?
>
> సెప్టెంబర్, అక్టోబర్: నెలకు 700 డాలర్లు కోసినట్టు స్లిప్పుల్లో ఉంది. నా బ్యాంకులో జమ కాలేదు. ఏ తేదీన, ఏ అకౌంటుకు, ఏ కోడ్‌తో పంపారు? వెనక్కి వచ్చి ఉంటే ఎప్పుడు వచ్చాయి? రెండు చెల్లింపులకూ స్విఫ్ట్ కాపీ పంపగలరు.
>
> నా అకౌంటు నడుస్తోందని, కేవైసీ పూర్తయిందని బ్యాంకులో నిర్ధారించుకున్నాను. సరైన వివరాలతో రద్దు చేసిన చెక్కు జతచేశాను.
>
> ఆగస్టు మొత్తాన్ని ఆయన సమ్మతితో ప్రత్యేకంగా పంపాలని, సెప్టెంబర్, అక్టోబర్ మొత్తాలను కోత లేకుండా తిరిగి పంపాలని, నవంబర్ నుంచి అలాట్‌మెంట్ కొనసాగుతుందని రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను. నవంబర్ 24లోగా జవాబు ఇవ్వగలరు.
>
> (పేరు, ఊరు, ఫోన్ నంబరు)

ఇందులో పిల్లల ఫీజు గురించి లేదు, అత్తగారి మందుల గురించి లేదు. అవి నిజమైన కష్టాలే. కానీ అకౌంట్స్‌లో కూర్చున్నవాడి చేతిలో ఉన్నది లెక్క. అతన్ని లెక్కే అడగాలి. మందుల వంటి అత్యవసరం ఉంటే చివర ఒక్క వాక్యం రాయండి, చాలు.

స్విఫ్ట్ కాపీ అంటే విదేశీ బ్యాంకు డబ్బు పంపినట్టు ఇచ్చే సందేశం. అందులో తేదీ, మొత్తం, ఎవరి పేరుకు, ఏ అకౌంటుకు పంపారో ఉంటుంది. "పంపేశాం" అన్న మాటకు రుజువు అదే. అది చేతికొస్తే మీ బ్యాంకు కూడా డబ్బు జాడ తీయగలదు. కంపెనీ తరఫున ముంబయి నుంచో చెన్నై నుంచో రూపాయల్లో పంపుతుంటే స్విఫ్ట్ ఉండదు, దాని బదులు బ్యాంకు ఆ చెల్లింపుకు ఇచ్చే యూటీఆర్ నంబరు అడగాలి.

జోడింపులు ఇవి: బ్యాంకు స్టేట్‌మెంట్, మూడు స్లిప్పులు, రెండు అలాట్‌మెంట్ ఫారాల ఫోటోలు, ఉద్యోగ ఒప్పందంలో జీతం ఉన్న పేజీ, అనుమతి, చెక్కు. స్టేట్‌మెంట్‌లో మీ ఇతర ఖర్చులు కనబడటం ఇష్టం లేకపోతే ఆ లైన్లు నల్లగా కొట్టేయొచ్చు. ఏటీఎం కార్డు ఫోటో, ఓటీపీ ఎవరడిగినా పంపొద్దు. "మీ అలాట్‌మెంట్ విడుదల చేయాలంటే ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే అది కంపెనీ ఫోన్ కాదు.

జవాబు వచ్చాక

వాళ్లు ఫోన్ చేసి మాట్లాడితే వినండి. పేరు అడిగి రాసుకోండి. అదే రోజు "మీరు ఫోన్‌లో ఇలా చెప్పారు" అని అదే మెయిల్ కింద రాసి పంపండి. ఫోన్ మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మన ఉదాహరణలో కంపెనీ ఇలా జవాబిచ్చిందనుకుందాం: ఆగస్టు డబ్బు నిల్వలో ఉంది, మిగతా 1,400 డాలర్లు బ్యాంకు నుంచి వెనక్కి వచ్చాయి, బ్యాంకు చార్జీలు పోను మిగిలింది పంపుతాం. ఇక్కడ ఆగి కొత్త ఫారం ఫోటో చూడాలి. భర్త సరైన కోడే రాసిచ్చినా అకౌంట్స్‌వాళ్లు పాత కోడ్‌కు పంపి ఉంటే ఆ చార్జీలు వాళ్లవే. ఫారం ఫోటో జతచేసి ఆ మాటే ఒక వాక్యంలో రాయాలి. తప్పు మన ఫారంలో ఉంటే చార్జీలు ఒప్పుకుని ముందుకు పోవడం మేలు. దాని మీద వాదన పెట్టుకుంటే 1,400 డాలర్లూ ఇంకో నెల ఆగుతాయి.

"ఓనర్ దగ్గర్నుంచి ఫండ్స్ రాలేదు" అని జవాబొస్తే సంగతి మారిపోయినట్టే. ఒప్పందం ప్రకారం జీతం కనీసం రెండు నెలలు ఇవ్వకపోవడం, యజమాని తన సిబ్బందితో సంబంధం తెంచుకున్నట్టు చూపించే గుర్తుల్లో ఒకటి. అలా వదిలేసిన సిబ్బంది కోసం ఓడకు బీమా హామీ ఉండాలన్న నిబంధన 2017 నుంచి అమల్లో ఉంది. ఆ హామీ పత్రం ఓడలో అందరికీ కనబడేచోట అంటించి ఉంటుంది, బీమా ఇచ్చినవారి ఫోన్, మెయిల్ అందులోనే ఉంటాయి. మీ ఆయన దాన్ని ఫోటో తీసి పంపాలి. ఆ బీమా కింద వచ్చే బకాయి జీతానికి నాలుగు నెలల పరిమితి ఉంది. మూడు నెలలు ఇప్పటికే గడిచిపోయాయి. "వచ్చే నెల చూద్దాం, కంపెనీ వాళ్లు మంచివాళ్లే" అంటూ ఆగితే ఆ తర్వాత చేసిన పనికి బీమా నుంచి రూపాయి రాకపోవచ్చు.

ఈ పరిస్థితిలోనూ, గడువు దాటినా జవాబే రానప్పుడూ అదే మెయిల్ గొలుసును ముంబయిలోని షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్‌కు ఫిర్యాదుగా పంపాలి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ pgportal.gov.in లోనూ వేయొచ్చు. మీ ఆయన యూనియన్ సభ్యుడైతే, ఉదాహరణకు నుసిలో, వాళ్లకూ నకలు పెట్టండి. ఓడ మీద అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ఐటీఎఫ్ ఒప్పందం ఉంటే ఓడ చేరే పోర్టులోని ఐటీఎఫ్ ఇన్‌స్పెక్టర్ జీతం లెక్కలు అడగగలడు. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే సీఫేరర్‌హెల్ప్ అనే ఉచిత సేవ 24 గంటలూ పనిచేస్తుంది, కుటుంబసభ్యులూ ఫోన్ చేయొచ్చు.

ఈలోగా ఓడలో ఎవరైనా "అన్ని బకాయిలూ ముట్టాయి" అన్న కాగితం మీద సంతకం పెట్టమంటే డబ్బు చేతికి రాకుండా పెట్టొద్దని ఆయనకు చెప్పండి. సైన్ ఆఫ్ చేసి దిగేటప్పుడు చివరి లెక్క స్లిప్ తప్పకుండా తెచ్చుకోవాలి. ఇంటికొచ్చాక పాత బకాయి అడగాలంటే చేతిలో ఉండాల్సిన కాగితం అది.

డబ్బు పడ్డాక కూడా ఒక పని మిగులుతుంది. కొత్త అలాట్‌మెంట్ ఫారంలో ముగింపు తేదీ ఏముందో అడిగి చూడండి. కాంట్రాక్ట్ ముగిసే తేదీ రాసి ఉంటే దాన్ని "సైన్ ఆఫ్ అయ్యేవరకు" అని మార్పించమనండి. రిలీవర్ రాక మళ్లీ పొడిగింపు వచ్చినా అప్పుడు ఆగస్టులో జరిగినట్టు జరగదు.